పీడకలలకు మేత ఎక్కడ దొరుకుతోంది? రాయగడ వైపు తెలుగు ఇళ్లకు ఒక మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో ఒకే దుర్వార్తను రెండు భాషల్లో చూడడం మామూలే. భోజనాల వేళ తెలుగు చానల్లో చూసిన ప్రమాదాన్నే కాసేపటికి ఒడియా చానల్లో మరో వైపు నుంచి చూస్తారు, పక్క మీదికి చేరాక అదే దృశ్యం చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఏ ముసుగూ లేని వీడియోగా వస్తుంది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు స్టేషన్ దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజరును విశాఖ–రాయగడ ప్యాసింజరు వెనుక నుంచి ఢీకొంది. వైద్యానికో, సరుకుకో, పెళ్లికో ఆ లైనులోనే విశాఖ వెళ్లి వచ్చే వారికి అవి దూరపు వార్తలు కావు, తాము కూర్చునే పెట్టెలో జరిగినవి. కనుక ఆ రైళ్లలో అసలు లేనివారికి కూడా ఆ రైలు కలలోకి వచ్చిందంటే ఆశ్చర్యపడనక్కర లేదు.

ఈ మార్గదర్శి ప్రధానంగా అటువంటి వారి కోసమే, అంటే ఆపదను స్వయంగా అనుభవించకపోయినా తెర మీద చూసి, దయ్యాల సినిమా నుంచో వార్తల నుంచో పీడకలలు తెచ్చుకుంటున్న వారి కోసం. స్వయంగా ప్రమాదంలో చిక్కుకున్నవారి సంగతి వేరు, దాన్ని చివర చెబుతాను.

రాత్రి ఏం జరుగుతుంది

మన నిద్ర ఒకే తీరున సాగదు. దాదాపు గంటన్నరకు ఒకసారి చొప్పున అది గాఢనిద్ర నుంచి కలల నిద్రకు మళ్లుతూ ఉంటుంది. కనుగుడ్లు మూసిన రెప్పల కింద వేగంగా కదిలే ఈ దశను వైద్యులు రెమ్ నిద్ర అంటారు. పడుకున్న కొత్తలో ఈ దశ కొద్ది నిమిషాలే ఉండి, తెల్లవారుజాముకు వచ్చేసరికి బాగా సాగుతుంది. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజామున మూడు, నాలుగు దాటాక రావడానికి కారణం అదే. ఈ దశలో మెదడులో భయాన్ని గుర్తించే భాగం చురుగ్గా ఉంటుంది, ‘ఇది నిజం కాదులే’ అని సర్దిచెప్పే ముందుభాగం మాత్రం మందగించి ఉంటుంది. పగలు చూస్తే నవ్వొచ్చే దృశ్యం కలలో గుండె ఆగినంత పని చేయడం ఇందువల్లే.

రాత్రి పొద్దుపోయాక చూసే తెర ఈ ఏర్పాటును మూడు వైపుల నుంచి చెడగొడుతుంది. మొదటిది, భయపెట్టే దృశ్యం గుండె వేగాన్ని, కండరాల బిగువును పెంచి, అవి తగ్గకముందే మనల్ని పక్క మీదికి పంపుతుంది. అలా పట్టిన నిద్ర పల్చగా ఉండి మాటిమాటికీ తెగుతుంది. కల మధ్యలో మెలకువ వస్తేనే అది స్పష్టంగా గుర్తుంటుంది కాబట్టి, నిద్ర తెగిన కొద్దీ పీడకలలు ఎక్కువ వచ్చినట్టు తోస్తుంది. రెండవది, పగటి దృశ్యాలు కలల్లోకి అదే రాత్రి చేరవచ్చు, లేదా అయిదు నుంచి ఏడు రోజుల తరువాత మళ్లీ తేలవచ్చు. ఈ ఆలస్యం తెలియక చాలామంది, ‘నిన్న నేనేమీ చూడలేదే, మరి ఈ కల ఎందుకు వచ్చింది?’ అని అయోమయపడతారు.

మూడవది ఎవరూ అంతగా పట్టించుకోనిది. పన్నెండున్నర దాకా ఫోను చూసి ఆరింటికి లేచేవారు కోల్పోయేది ఎక్కువగా తెల్లవారుజామున రావలసిన కలల నిద్రనే. ఆ బాకీని శరీరం మరచిపోదు, అవకాశం దొరికిన రోజున, అంటే ఆదివారం ఎనిమిదింటి దాకా పడుకున్నప్పుడు, కలల నిద్రను దట్టంగా తీసుకుంటుంది. వారమంతా పోగుచేసిన దృశ్యాలకు ఆ పొద్దుటి నిద్ర అనువైన చోటు.

తెర వెలుతురు నిద్రను పాడుచేస్తుందన్న మాట నిజమే గానీ దానికి ఇవ్వవలసిన దానికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నామని నా అభిప్రాయం. వెలుతురు మెలటోనిన్ అనే నిద్ర హార్మోనును కొంత వెనక్కి నెడుతుంది. అయితే తెరను పసుపు రంగులోకి మార్చుకుని శవాల వీడియో చూసినవారికి ఆ రంగు చేసే మేలు ఏమంత ఉండదు. ఏం చూశాం, ఎంత సేపు మేలుకున్నాం అన్నవే ఇక్కడ ముఖ్యం.

మొదటి మెట్టు: అది పీడకలేనా అని తేల్చుకోవడం

పీడకల నుంచి లేచినవారికి కల గుర్తుంటుంది, తాము ఎక్కడున్నారో కొద్ది క్షణాల్లోనే తెలుస్తుంది. పడుకున్న గంటా రెండు గంటల్లోనే పిల్లవాడు కెవ్వున అరిచి లేచి కూర్చుని, కళ్లు తెరిచి ఉన్నా తల్లిని గుర్తుపట్టక, పొద్దున అడిగితే ఏమీ చెప్పలేకపోతే అది పీడకల కాదు, గాఢనిద్రలో వచ్చే నిద్రాభీతి. అటువంటప్పుడు పిల్లవాణ్ణి కుదిపి లేపకుండా, దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన ఉంటే చాలు, అది తనంతట సర్దుకుంటుంది. ఇక మెలకువ వచ్చినా కాలూ చేయీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది మరొకటి. కలల నిద్రలో శరీరం కదలకుండా ఉండేందుకు సహజంగా పడే కట్టు మెలకువ తరువాత కూడా కొద్దిసేపు వీడకపోవడమే దానికి కారణం. దీన్ని గాలి సోకిందని భావించి రాత్రంతా దీపం పెట్టుకుని మేలుకుంటే, నిద్ర తక్కువై అదే పరిస్థితి మరింత తరచుగా వస్తుంది.

జ్వరం ఉన్న రాత్రుల కలలను లెక్కలోకి తీసుకోవద్దు. మలేరియా తరచుగా కనిపించే మన ప్రాంతంలో చలిజ్వరంతో వచ్చిన వికృతమైన కలలకు మందు రక్తపరీక్షతో మొదలవుతుంది గానీ నిద్ర అలవాట్లతో కాదు.

రెండవ మెట్టు: రెండు వారాల పుస్తకం

ఏదీ మార్చకముందు రెండు వారాల పాటు ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకు మూడు నాలుగు వాక్యాలు రాయాలి. సాయంత్రం ఏడు తరువాత ఏం చూశారు, ఫోను ఎప్పుడు పక్కన పెట్టారు, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారు, కల వస్తే అది ఏ వేళకు వచ్చింది, అందులో ఏముంది అన్నవి రాస్తే సరిపోతుంది. కలను పూసగుచ్చినట్టు వర్ణించనవసరం లేదు. పొద్దున్నే రాయాలి, అర్ధరాత్రి లేచి ఫోనులో మాత్రం రాయకూడదు.

ఇది ఎలా ఉపయోగపడుతుందో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. గుర్తుపట్టే వివరాలు లేకుండా చెబుతున్నాను. రాయగడలో ఒక బట్టల దుకాణంలో పనిచేసే ఇరవై రెండేళ్ల కుర్రవాడు సరుకు కోసం నెలకు రెండుసార్లు రైల్లో విశాఖ వెళ్లి వస్తాడు. దుకాణం మూసి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. భోజనం చేస్తూ వార్తలు చూసి, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పక్క మీద ఫోనులో పొట్టి వీడియోలు చూస్తాడు. వారంలో రెండు మూడుసార్లు ఒకే కల. పెట్టెలో దీపాలు ఆరిపోతాయి, తలుపు బిగుసుకుపోయి రాదు, వెనుక నుంచి ఎవరో తన పేరు పెట్టి పిలుస్తారు. ఉలిక్కిపడి లేచేసరికి నాలుగు అయి ఉంటుంది. పక్క గదిలోంచి నాయనమ్మ, “ఏటయిందిరా నాయినా?” అంటుంది. అతను ఏమీ లేదని చెప్పి ఫోను అందుకుంటాడు.

రెండు వారాల పుస్తకంలో తేలినవి ఇవి. అతను ప్రమాదం వీడియో చూసిన రాత్రులకూ కల వచ్చిన రాత్రులకూ నేరుగా పొత్తు కుదరలేదు. కానీ అయిదారు రోజులు వెనక్కి చూస్తే కుదిరింది. మంగళవారం గ్రూపులో వచ్చిన వీడియోకు ఆదివారం తెల్లవారుజామున, అదీ ఆలస్యంగా లేచిన రోజున, కల వచ్చింది. విశాఖ ప్రయాణానికి ముందు రాత్రి రెండు సార్లూ వచ్చింది. దయ్యాల సినిమా చూసిన ఒక్క రాత్రి మాత్రం రైలు కల రాలేదు, కానీ బిగుసుకున్న తలుపు అదే, రైలుకు బదులు పాత ఇల్లు ఉంది. అంటే అతణ్ణి వెంటాడుతున్నది రైలు కాదు, బయటపడలేని గది. ఈ చివరి సంగతి అయిదవ మెట్టులో అక్కరకు వచ్చింది.

మూడవ మెట్టు: సాయంత్రాన్ని సర్దడం

ఇక్కడ ‘ఫోను మానేయండి’ అని చెప్పడం సులువు, జరగడం కష్టం. దుకాణం మూసి వచ్చినవాడికి రోజు మొత్తంలో తనదంటూ ఉన్న సమయం ఆ రెండు గంటలే. అందువల్ల ముందుగా తీసివేయవలసింది ఫోనును కాదు, అడగకుండా వచ్చి పడే దృశ్యాలను. వాట్సాప్‌లో Settings, ఆ తరువాత Storage and data లోకి వెళ్లి, Media auto-download కింద ఉన్న మూడు వరుసల్లోనూ Videos, Photos ఎదుట ఉన్న గుర్తులను తీసివేస్తే, మీరు వేలితో నొక్కితే తప్ప వీడియో దిగదు. ప్రమాదం జరిగిన వారంలో ఊరి గ్రూపును Mute చేస్తే ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. యూట్యూబులో అటువంటి వీడియో ఎదురైనప్పుడు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Not interested ఎంచుకోవాలి. పూర్తిగా చూసి ‘ఛీ’ అనుకున్నా, ఆ యంత్రానికి అది ఇష్టంగా చూసినట్టే లెక్క.

వార్తలను మానవలసిన పని లేదు గానీ వాటికి ఒక వేళ పెట్టాలి. ఉదయమో, సాయంత్రం ఏడు లోపో ఒకసారి, అదీ ఒకే భాషలో చూస్తే చాలు. రెండవ భాషలో చూసినందువల్ల తెలిసే కొత్త సంగతి తక్కువ, కంటికి అదనంగా పడే దృశ్యం ఎక్కువ. చూడడం కన్నా చదవడం మేలు, పత్రికలోని వాక్యం కలలోకి ఏడుపు శబ్దాన్ని మోసుకురాదు. 2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలిన తరువాత జరిపిన ఒక పరిశోధనలో, ఆ వారం రోజుకు ఆరు గంటలు అంతకు మించి ఆ వార్తల్లో మునిగినవారిలో, పేలుడు చోట స్వయంగా ఉన్నవారిలో కన్నా తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. వార్తలవల్లే అలా జరిగిందని ఆ పరిశోధన తేల్చలేదు, అప్పటికే కలత చెందినవారే ఎక్కువ చూసి ఉండవచ్చు. ఏదైనా, కలత చెందినవారికి ఆ చూపు ఊరట ఇవ్వలేదన్నది స్పష్టం.

దయ్యాల సినిమాల విషయంలో నేను అంత కఠినంగా ఉండను. ఇష్టం ఉన్నవారు వాటిని ఆదివారం మధ్యాహ్నం, గదిలో వెలుతురు ఉండగా, నలుగురితో కలిసి చూడవచ్చు. ఆ తరువాత పడుకునేలోగా ఆరేడు గంటల మామూలు జీవితం గడుస్తుంది. భయంలో చాలా భాగం శబ్దంలో ఉంటుంది, కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చీకట్లో ఒంటరిగా చూడడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పీడకలలు నడుస్తున్న నెలలో మాత్రం అసలు చూడకపోవడమే నయం.

పడుకునే ముందు గంటలో ఏం చేయాలన్నది ఇంటికొక తీరుగా ఉంటుంది. రేడియో పాటలు, రేపటి పనుల చీటీ, నాయనమ్మతో నాలుగు మాటలు, ఆంజనేయుణ్ణి తలుచుకోవడం, ఏదైనా సరే, రోజూ అదే వరుసలో జరిగితే శరీరం దాన్ని నిద్రకు గుర్తుగా పట్టుకుంటుంది. టీ సాయంత్రం అయిదు లోపే ముగించాలి, అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. మద్యం తాగితే కలలు రావని కొందరి నమ్మకం. అది మొదటి సగంలో కలల నిద్రను అణచి, రెండవ సగంలో మరింతగా తిరిగి తెస్తుంది. ఆదివారంతో సహా లేచే వేళ ఒక గంటకు మించి మారకూడదు. పైన చెప్పిన కలల బాకీ ఒక్కసారిగా కాక రోజురోజుకూ తీరాలంటే ఇది తప్పనిసరి.

ఒక తరచు పొరపాటు గురించి ఇక్కడ చెప్పాలి. ‘దాని గురించి ఆలోచించకు, పడుకో’ అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ పడుకునే ముందు ఒక ఆలోచనను బలవంతంగా అణచినవారికి అదే కలలోకి ఎక్కువగా వస్తున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. దిగులును సాయంత్రం ఏడింటికే కాగితం మీద రాసి, రేపు దాని విషయంలో చేయగలిగింది ఒకటి పక్కన రాసుకోవడం అణచడం కన్నా మంచి పని చేస్తుంది.

నాలుగవ మెట్టు: నాలుగు గంటలకు మెలకువ వస్తే

లేచి కూర్చుని పాదాలు నేలకు ఆనించాలి. చిన్న దీపం వేసి, గదిలోని మూడు వస్తువుల పేర్లు పైకి అనుకోవాలి. గుక్కెడు నీళ్లు తాగి, ఊపిరి తీసుకునే దానికన్నా వదిలేది నిదానంగా ఉండేలా కొద్ది నిమిషాలు గడపాలి. గడియారం చూడకూడదు. ఫోను అసలు ముట్టకూడదు, ఎందుకంటే ఆ వేళ తెర మీద ఏది కనిపించినా అది తరువాతి కలల దశకు ముందు వేసిన చివరి మేత అవుతుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర రాదనిపిస్తే పక్క వదిలి వేరే చోట కూర్చుని, కునుకు వచ్చినప్పుడు తిరిగి రావాలి.

అయిదవ మెట్టు: కలను తిరగరాయడం

పై మెట్లతోనే చాలామందికి తగ్గుతుంది. ఒకే కల మళ్లీ మళ్లీ వచ్చేవారికి మాత్రం దాన్ని పగటి పూట తిరగరాసి సాధన చేయడం అవసరం. బ్యారీ క్రకోవ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధనతో ఈ పద్ధతికి మంచి పేరు వచ్చింది.

ముందు కలను ఒక పుటలో, జరుగుతున్నట్టుగా రాయాలి. ఆ తరువాత దాన్ని మీకు నచ్చిన చోట, నచ్చినట్టు మార్చి, కొత్త రూపం మొత్తం మళ్లీ రాయాలి. పాత పుటను మడిచి పక్కన పెట్టి, కొత్తదాన్ని మాత్రమే రోజూ పది నుంచి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని, రంగులతో, శబ్దాలతో, వాసనలతో సహా ఊహించుకోవాలి. ఇది పక్క మీద కాక, పగలు చేయడం మంచిది.

మన కుర్రవాడు మొదటి ప్రయత్నంలో తలుపును కాలితో తన్ని పగలగొట్టి అందరినీ కాపాడినట్టు రాశాడు. అది పనిచేయలేదు, ఎందుకంటే ఆ కథలో కూడా ప్రమాదం ఉంది, తలుపు బిగుసుకునే ఉంది, గుండె అంతే వేగంగా కొట్టుకుంది. రెండవసారి ప్రమాదం జరగక ముందే మార్చాడు. దీపాలు ఆరవు, మినుకుమని మళ్లీ వెలుగుతాయి. రైలు పార్వతీపురం స్టేషన్లో ఆగి ఉంటుంది, తలుపు అప్పటికే తెరిచి ఉంటుంది, పొద్దుటి గాలితో పాటు టీ వాసన లోపలికి వస్తుంది. వెనుక నుంచి పేరు పెట్టి పిలిచింది తనతో సరుకుకు వచ్చిన బాబాయి, బట్టల మూట అందుకోమంటున్నాడు. బెదిరించిన ఆ పిలుపును తీసివేయకుండా దానికి ఒక మొహం ఇవ్వడం మంచి ఆలోచన. మధ్యాహ్నం గిరాకీ తగ్గినప్పుడు దుకాణం వెనుక మూటల మీద కూర్చుని దీన్ని సాధన చేశాడు.

మొదటి వారంలో కలల సంఖ్య తగ్గలేదు. రెండవ వారంలో ఒక కలలో తలుపు బిగుసుకునే ఉంది గానీ కిటికీలోంచి ప్లాట్‌ఫారం కనిపించింది. పద్ధతి పట్టుకుందనడానికి గుర్తు ఇదే. కల ఆగిపోవడానికి ముందు అందులో చిన్న మార్పు వస్తుంది, పుస్తకం రాయనివారు దాన్ని గమనించక ఆ సమయంలోనే సాధన మానేస్తారు. నెల తిరిగేసరికి అది ఎప్పుడో ఒకసారి వచ్చే కలగా మిగిలింది. ప్రయాణానికి ముందు రాత్రి మాత్రం ఇంకా వస్తుంది. ఆ రాత్రి ఫోను నాయనమ్మ గదిలో పెట్టి పడుకోవడం అతను పెట్టుకున్న నియమం.

అనేక రకాల కలలు వచ్చేవారు మొదట మరీ భయంకరమైనదాన్ని కాక మధ్యస్థంగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. సాధనలో పాత కలే పదే పదే కళ్ల ముందుకు వచ్చి చెమటలు పడుతుంటే ఆపివేసి, సాయం తీసుకోవాలి.

పిల్లలున్న ఒంటి గది ఇళ్లలో

టీవీ ఉన్న గదిలోనే పిల్లలు పడుకునే ఇళ్లలో, ‘వాడు నిద్రపోయాడులే’ అని పెద్దలు నేర వార్తల కార్యక్రమం పెడతారు. సగం నిద్రలో ఉన్న పిల్లవాడికి దృశ్యం కనిపించదు, అరుపులు వినిపిస్తాయి, మిగతాది వాడే ఊహించుకుంటాడు. పిల్లలు పడుకున్నాక శబ్దం పూర్తిగా తగ్గించడమో, ఆ కార్యక్రమాన్ని వదులుకోవడమో చేయాలి. పీడకల చెప్పుకున్న పిల్లవాణ్ణి పగలు ఆ కలను బొమ్మగా గీసి, చివర తనకు నచ్చినట్టు మార్చమంటే తిరగరాసే పద్ధతి వాడికీ అందుతుంది. దిష్టి తీస్తే తీయండి, అందులో వాడికి దొరికే దగ్గరితనం మంచిదే. తీసినంత మాత్రాన వైద్యుణ్ణి వాయిదా వేయకండి.

ఇంటి మెట్లు చాలనప్పుడు

వారానికి ఒకసారైనా వస్తూ నెల దాటినా తగ్గకపోతే, నిద్రపోవడానికే భయం వేస్తుంటే, లేదా కలలోని దృశ్యం పగలు కూడా కళ్ల ముందు కదులుతుంటే వైద్యుణ్ణి చూడాలి. ప్రమాదంలో, దాడిలో స్వయంగా చిక్కుకున్నవారు తిరగరాసే సాధనను ఒంటరిగా మొదలుపెట్టకూడదు. రక్తపోటుకు వాడే ప్రొప్రానొలాల్ వంటి కొన్ని మందులు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు పీడకలలు తెప్పించగలవు. కొత్త మందు మొదలుపెట్టిన తరువాతే కలలు మొదలైతే ఆ తేదీని వైద్యునికి చెప్పాలి, మందును మాత్రం మీ అంతట ఆపకూడదు. గట్టిగా గురకపెట్టేవారికి ఊపిరాడని కలలు వస్తుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో పరీక్షించాలి. యాభై దాటిన వ్యక్తి కలలో చేస్తున్నట్టే పక్కవారిని కొడుతూ, తంతూ ఉంటే అది నరాల వైద్యునికి చూపవలసిన విషయం.

ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది, అందులో తెలుగు, ఒడియా రెండు భాషలూ ఉన్నాయి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆ రెండు వారాల పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లండి, కల ఏ వేళకు వస్తోందన్న ఒక్క వివరమే వైద్యుడు అడగబోయే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇస్తుంది.